సంయుగ్మం ఉన్న గుణకారం, లేని గుణకారం

ఏసీ కరెంటులో వోల్టేజీని, కరెంటును సంకీర్ణ సంఖ్యలుగా రాశాక పవర్ కోసం రెండింటినీ గుణించాలి. నేరుగా గుణిస్తే V I. కరెంటుకు సంయుగ్మం తీసుకుని గుణిస్తే V I*. చాలా పాఠ్యపుస్తకాలు రెండోదే సరైనదని చెప్పి ముందుకు వెళ్తాయి. మొదటిది ఎక్కడ చెడుతుందో చూపించవు. పెబ్బేరు పొలాల్లో నడిచేలాంటి 5 హెచ్‌పీ త్రీఫేజ్ బోరు మోటారు ఒకటి ఉందనుకుని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఫేజుకు 240 వోల్టులు, 8 ఆంపియర్లు. కరెంటు వోల్టేజీ కంటే 36.87 డిగ్రీలు వెనకబడి ఉందనుకుందాం. R ఫేజు వోల్టేజీ కోణాన్ని సున్నాగా తీసుకుంటే కరెంటు 6.4 − j4.8. నేరుగా గుణిస్తే 1536 − j1152, సంయుగ్మంతో గుణిస్తే 1536 + j1152. రెండింటికీ గుర్తులోనే తేడా. ఇక్కడే విద్యార్థి మోసపోతాడు, సంయుగ్మం కేవలం గుర్తు సర్దుబాటేనని అనుకుంటాడు.

అదే మోటారు Y ఫేజుకు రండి. వోల్టేజీ కోణం −120, కరెంటు కోణం −156.87. సంయుగ్మంతో మళ్లీ 1536 + j1152 వస్తుంది. నేరుగా గుణిస్తే మాత్రం దాదాపు 230 + j1906. B ఫేజులో అయితే −1766 − j754. ఒకే మోటారు, మూడు ఫేజుల్లోనూ సమానమైన లోడు, అయినా ఒక ఫేజు పవర్‌ను వెనక్కి పంపుతున్నట్టు లెక్క చెబుతోంది. సంకీర్ణ సంఖ్యలను గుణిస్తే కోణాలు కలుస్తాయి. పవర్‌కు కావలసింది కోణాల మధ్య తేడా. కరెంటు కోణాన్ని తిప్పేసి ఆ కూడికను తీసివేతగా మార్చేదే సంయుగ్మం. అప్పుడు సున్నా డిగ్రీలు ఎక్కడ పెట్టుకున్నా జవాబు మారదు.

అలాగని V I ని చెత్తబుట్టలో వేయకూడదు. ఒక్కో ఫేజులో క్షణక్షణం ప్రవహించే పవర్‌ను గీస్తే, 1536 వాట్ల స్థిర భాగం చుట్టూ సెకనుకు 100 సార్లు 1920 వాట్ల ఊపు కనిపిస్తుంది. పవర్ 3456 వాట్ల దాకా ఎక్కి −384 దాకా దిగుతుంది. ఆ ఊపు పరిమాణాన్నీ దశనూ చెప్పేది V I. పైన వచ్చిన మూడు ఫేజుల V I జవాబులను కూడితే సున్నా. సమతుల్యమైన త్రీఫేజు మోటారుకు సింగిల్ ఫేజు మోటారులా పవర్ ఊపు ఉండకపోవడానికి కారణం ఇదే.

రియాక్టివ్ పవర్ అంటే అటూ ఇటూ ఊగే పవర్ అని చాలామంది చెప్పే వివరణ ఇక్కడ చాలదని నా అభిప్రాయం. మూడు ఫేజులు కలిపితే ఊపు సున్నా. కానీ V I* ను కూడితే 4608 + j3456 వస్తుంది, రియాక్టివ్ భాగం చెరగదు. 4.6 కిలోవాట్లు నీళ్లు తోడే పనికీ మోటారు నష్టాలకూ పోతాయి. 3.46 కిలోవార్లు మోటారులో అయస్కాంత క్షేత్రాన్ని నిలబెట్టే కరెంటుకు లెక్క. రెంటినీ లంబంగా కలిపితే 5.76 కేవీఏ. 4.608 ను 5.76 తో భాగిస్తే 0.8, అదే పవర్ ఫ్యాక్టర్. తీగ వేడెక్కేది మొత్తం 8 ఆంపియర్లకే గాని, అందులో పనిచేసే భాగానికి మాత్రమే కాదు.

V* I అని రాసే పద్ధతి కూడా ఉంది. అందులో మోటారు రియాక్టివ్ పవర్ రుణాత్మకంగా వస్తుంది. అది తప్పు కాదు, కానీ ఒకే లెక్కలో రెండు పద్ధతులు కలిపితే కెపాసిటర్ అవసరమైన చోట అక్కర్లేదని తేలవచ్చు.

5 హెచ్‌పీ మోటారుకు 2 కిలోవార్ల కెపాసిటర్ బిగించే ఆనవాయితీని ఈ లెక్కలోనే పరీక్షించవచ్చు. 3.456 లోంచి 2 తీసేస్తే 1.456. పవర్ ఫ్యాక్టర్ 0.95 దాటుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కరెంటు 8 నుంచి 6.7 ఆంపియర్లకు దిగుతుంది. నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, ఆ మోటారు కోసం తీగలో పోయేది సుమారు 30 శాతం తగ్గుతుంది. మోటారు చుట్టల్లో కరెంటు మాత్రం తగ్గదు, లాభం కెపాసిటర్‌కు ముందున్న తీగకే. 4 కిలోవార్లది పెడితే గుర్తు తిరగబడి −0.544 అవుతుంది. అప్పుడు స్టార్టర్ ఆపాక మోటారు తనంతట తానే వోల్టేజీ పుట్టించే ప్రమాదం ఉంది.

కెపాసిటర్ ఇచ్చే కిలోవార్లు వోల్టేజీ వర్గాన్ని బట్టి మారతాయి. 415 వోల్టుల దగ్గర 2 ఇచ్చేది, లైను చివర 340 వోల్టులే ఉంటే 1.34 మాత్రమే ఇస్తుంది. కాబట్టి చివరి బోరుకు కెపాసిటర్ బిగించే ముందు, మోటారు నడుస్తుండగా అక్కడి వోల్టేజీని లైన్‌మన్ చేత కొలిపించండి.