పేరు దాచారు, రాత మార్చారు, శైలి మిగిలింది

1057లో సోంగ్ చక్రవర్తుల రాజధాని కైఫెంగ్‌లో జరిగిన పరీక్షలో ఒక వ్యాసం ముఖ్య పరీక్షాధికారి ఒయాంగ్ శ్యూ చేతికి వచ్చింది. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. కనిపిస్తున్న అక్షరాలు కూడా పరీక్ష రాసిన కుర్రవాడివి కావు, ఎవరో గుమాస్తావి. ఇంత చేసినా ఆ వ్యాసానికి దక్కాల్సిన మొదటి స్థానం దక్కలేదు. వ్యాసంలో లోపం ఉండి కాదు, అది ఫలానావాడిదే అయి ఉంటుందని దిద్దే పెద్దమనిషి అనుకోవడం వల్ల. ఆ సంగతికి వచ్చేముందు, ఆ కాగితం ఆయన బల్ల మీదికి చేరిన దారిని నెమ్మదిగా చూడాలి. పరీక్షల్లో పక్షపాతాన్ని అరికట్టడానికి జరిగిన ఏర్పాట్లలో ఇంత ఓపికైన పనితనం అరుదు.

అంతకుముందు టాంగ్ వంశం కాలంలో పేరు దాచాలన్న పట్టింపు పెద్దగా లేదు. అభ్యర్థులు పరీక్షకు ముందే తమ రచనల్ని పెద్దల ఇళ్లకు పంపుకునేవారు. పేరు నలుగురి నోటా పడటమే సగం ఉత్తీర్ణత. సోంగ్ ప్రభువులు దీన్ని తిరగేశారు. 992లో చక్రవర్తి సమక్షంలో జరిగే చివరి పరీక్షలో పత్రాల మీది పేర్లను కప్పేయడం మొదలైంది. తర్వాత కొన్నేళ్లకు దాని కింది మెట్టు అయిన రాజధాని పరీక్షకూ ఆ పద్ధతి వచ్చింది. కప్పింది ఒక్క పేరునే కాదు. పత్రం మొదట్లో అభ్యర్థి వయసు, స్వస్థలం, తండ్రి తాత ముత్తాతల వివరాలు ఉండేవి. అదంతా మూసి, బదులుగా ఒక గుర్తు అక్షరం వేసేవారు.

పేరు మూశాక చేతిరాత బయటపడింది. కుంచెతో రాసే దేశంలో దస్తూరీ అంటే మనిషి ముఖంతో సమానం. ఎవరి గురువు ఎవరో, ఏ పాత లిపికారుణ్ణి చూసి చేయి తిప్పుకున్నాడో గీత చూసి చెప్పగలిగే పండితులే పరీక్షాధికారులు. పైగా అభ్యర్థి ఒక అక్షరం తోకను కావాలని వంకరగా లాగినా చాలు, తెలిసినవాడికి సైగ అందుతుంది. అందుకే 1015లో నకలు రాసే కార్యాలయం ఒకటి వెలిసింది. ప్రతి పత్రాన్నీ గుమాస్తాలు మొదటి నుంచి చివరి దాకా తిరిగి రాస్తారు. అసలు ప్రతి బయటే ఉండిపోతుంది, నకలు మాత్రమే లోపలికి వెళుతుంది. తర్వాతి వంశాల కాలానికి సిరా రంగులు కూడా విడిపోయాయి: అభ్యర్థిది నలుపు, నకలు ఎరుపు. ఒకచోటి కాగితం మరోచోటికి దారి తప్పితే రంగే పట్టించేస్తుంది.

నకలు తీస్తే తప్పులు దొర్లుతాయి. ఆ పరీక్షలో ఛందస్సుకు కట్టుబడిన పద్యం కూడా రాయాలి, ప్రాస అక్షరం ఒక్కటి తారుమారైతే అభ్యర్థి ఏళ్ల చదువు గుమాస్తా పొరపాటుకు బలి. కాబట్టి నకలు రాసేవాళ్లు వేరు, నకలును అసలుతో అక్షరమక్షరం పోల్చి చూసేవాళ్లు వేరు. ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. ఒక అన్యాయాన్ని ఆపడానికి పెట్టిన ఏర్పాటు మరో అన్యాయానికి తావిస్తుందని వాళ్లు ముందే గ్రహించి, దానికీ ఒక బల్ల వేసి మనిషిని కూర్చోబెట్టారు.

చక్రవర్తి పరీక్షలో దిద్దడం కూడా రెండు విడతలు. మొదటి అధికారి తరగతి నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని మూసి ముద్ర వేస్తాడు. రెండో అధికారి అది చూడకుండా తన నిర్ణయం రాస్తాడు. మూడో అధికారి రెండిటినీ తెరిచి, తేడా ఉంటే తేలుస్తాడు. ఆ తర్వాతే గుర్తు అక్షరాన్ని పేరుతో జత చేస్తారు. మొదటివాడి మార్కులు మార్జిన్‌లో కనబడుతుండగా రెండోసారి దిద్దించే చోట్ల రెండో మూల్యాంకనం సంతకం దగ్గరే ఆగిపోతుంది. ఆ మూసివేత విలువ అలాంటి పత్రాలు చూసినవారికి బాగా తెలుస్తుంది.

ఇక దిద్దేవాళ్లు. నియామకం కాగానే నేరుగా పరీక్షా ప్రాంగణంలోకి వెళ్లి తాళం వేయించుకోవాలి. 1057లో ఒయాంగ్ శ్యూ, ఆయన సహచరులు అలా దాదాపు 50 రోజులు లోపల ఉన్నారు. తీరిక దొరికినప్పుడు ఒకరికొకరు జవాబుగా 170కి పైగా పద్యాలు చెప్పుకున్నారు. సిఫార్సులు అందని చోట కవులకు మరేం పని!

ఆ 50 రోజుల్లోనే సహాయకుడిగా ఉన్న కవి మెయ్ యావ్‌చెన్ ఒక వ్యాసాన్ని తీసి ఒయాంగ్‌కు చూపించాడు. శిక్షల్లో, బహుమానాల్లో పాలకుడికి ఉండాల్సిన దయ దాని విషయం. తేటగా, ఆడంబరం లేకుండా ఉంది. సరిగ్గా ఏ శైలి కోసం ఒయాంగ్ ఏళ్లుగా పోరాడుతున్నాడో ఆ శైలి. మొదటి స్థానం ఇద్దామనుకున్నాడు. అంతలోనే అనుమానం: ఇంత బాగా ఇలా రాసేవాడు నా శిష్యుడు జెంగ్ గుంగ్ తప్ప ఇంకెవడు? తనవాడికే పట్టం కట్టాడన్న మాట పడటం ఇష్టంలేక దాన్ని రెండో స్థానానికి దించాడు. పేర్లు విప్పితే అది జెంగ్ గుంగ్‌ది కాదు. షిచువాన్ నుంచి వచ్చిన, అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని సూ షిది. తర్వాతి కాలంలో చైనా సాహిత్యంలో అగ్రశ్రేణిలో నిలిచిన సూ షి. ఈ సంగతిని అతని తమ్ముడు సూ చ, అన్న సమాధి శాసనంలో రాసిపెట్టాడు.

ఇక్కడ నష్టం చేసింది స్వార్థం కాదు, నిజాయితీ. తెలిసిన పేరు మార్కులు పెంచుతుందనే మనం సాధారణంగా భయపడతాం. తెలిసినట్టు తోచిన పేరు మార్కులు తగ్గించనూగలదు. ఒయాంగ్ ముందు పేరు లేదు, రాత లేదు. వాక్యం నడక ఒక్కటే ఉంది, దాన్ని ఏ గుమాస్తా తిరగరాయలేడు.

అయితే ఈ ఏర్పాటు ఓడిపోయిందనుకోవడం తొందరపాటు. ఆ కాలపు పండితుడు షెన్ కువో నమోదు చేసిన మరో ఉదంతం చూడండి. అప్పట్లో విచిత్రమైన, మెలికలు తిరిగిన రచనకు పేరుపడ్డవాడు ల్యూ జి. ఒయాంగ్ అతని వ్యాసాన్ని పట్టుకుని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి తిప్పి పంపాడు. కొన్నేళ్లకు మళ్లీ పరీక్షాధికారిగా వచ్చినప్పుడు, ల్యూ జి ఈసారి కూడా ఉన్నాడని విని వేటాడే పట్టుదలతో కూర్చున్నాడు. ఒక పత్రం చూసి ‘దొరికాడు’ అని తోసేశాడు, తీరా అది వేరొకరిది. ఇంకో పత్రం తెగ నచ్చి మొదటి స్థానం ఇచ్చాడు. అది ల్యూ హుయి అనే అభ్యర్థిది. పక్కనున్నవారు ఆయనకు చెప్పారు: అతనే ల్యూ జి, పేరు మార్చుకున్నాడు.

ఈ రెండు ఉదంతాలు పక్కపక్కన పెడితే పేరు దాచడం చేసే అసలు పని కనిపిస్తుంది. అది పరీక్షాధికారి మనసులోని ఇష్టాయిష్టాల్ని తుడిచేయలేదు. ఆయన గుడ్డిగా నమ్మాల్సిన అంచనాగా వాటిని మార్చేసింది. అంచనా తప్పినప్పుడు మేలు చేద్దామన్నవాడికి మేలు అందదు, పగ తీర్చుకుందామన్నవాడికి పగ తీరదు. ల్యూ జిని దెబ్బతీయాలన్న పంతం వేరొకరికి తగిలింది, పాపం ఆ వేరొకరికి మాత్రం అది నిజమైన దెబ్బే. సగటున పక్షపాతం పలచబడుతుంది. ఒక్కో మనిషి విషయంలో హామీ మాత్రం లేదు.

అంచనాను మళ్లీ నిశ్చయం చేసుకోవాలంటే ముందే మాట్లాడుకోవాలి. ఆ దారినీ మనుషులు కనిపెట్టారు. 1858లో బీజింగ్ ప్రాంతపు పరీక్షలో లువో హొంగ్‌యి అనే అభ్యర్థి, తన వ్యాసాలు ఏ మాటలతో ముగుస్తాయో ముందే ఒక చీటీ మీద అందజేశాడు. అవి వాక్యం చివర ఎవరైనా వాడే మామూలు పదాలే. నకలు రాసేవాడు వాటిని నిజాయితీగా దించాడు, పోల్చి చూసేవాడు సరిపోయాయన్నాడు. ఏర్పాటులోని ప్రతి మెట్టూ సవ్యంగా పనిచేసి సైగను భద్రంగా మోసుకెళ్లింది. విషయం బయటపడి మరుసటి ఏడు ముఖ్య పరీక్షాధికారి, మహామంత్రి స్థాయివాడైన బో జున్ తల పోయింది.

మన దగ్గర పది, ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌లో బార్‌కోడ్ చేసేది 992 నాటి పనే. అది అనవసరం అనలేం. పరిశోధకులు రెమా హన్నా, లీ లిండెన్ భారతదేశంలోని ఒక నగరంలో చేసి 2012లో ప్రచురించిన ప్రయోగంలో, పిల్లల జవాబు పత్రాల అట్టల మీద కులం, లింగం, వయసు లాటరీ పద్ధతిలో రాసి టీచర్లతో దిద్దించారు. తక్కువ కులమని రాసి ఉన్న పత్రాలకు మార్కులు కాస్త తగ్గాయి. తేడా చిన్నదే, కానీ లోపలి జవాబులతో దానికి సంబంధం లేదు. ఆసక్తికరమైన సంగతి ఏమంటే, దిద్దడం మొదలుపెట్టిన తొలి పత్రాల్లోనే ఆ తేడా ఎక్కువ. కొలత ఇంకా చేతికి చిక్కనప్పుడు అట్ట మీది సమాచారం ఆసరా అవుతుందన్నమాట. ఇంటిపేరో, పేరు చివరి తోకో కులం చెప్పేసే చోట ఆ ఆసరాను తీసేయడం మంచిదే.

అయితే 1015 నాటి మెట్టు మనం ఎక్కలేదు. చేతిరాత అలాగే లోపలికి వెళుతుంది. ఒకే వ్యాసాన్ని ఒకసారి ముత్యాల్లాంటి రాతతో, ఒకసారి గజిబిజిగా రాయించి వేర్వేరు వాళ్లతో దిద్దిస్తే శుభ్రమైన ప్రతికే ఎక్కువ మార్కులు పడటం 1920ల నుంచీ అమెరికాలో మళ్లీ మళ్లీ తేలింది. రోజుకు పదుల కొద్దీ పత్రాలు దిద్దే కన్ను సులువుగా చదవగలిగినదాన్ని బాగా ఆలోచించినదిగా పొరబడుతుంది. దిద్దేవాడికి అలా పొరబడుతున్న స్పృహ కూడా ఉండదు.

అలాగని అందరి జవాబుల్నీ కంప్యూటర్‌లో ఎక్కించేస్తే చాలనుకుంటే, 1990ల్లో అమెరికాలో చేసిన పోలిక వేరే మాట చెబుతుంది. చేత్తో రాసిన వ్యాసాల్ని టైపు చేసి ఇస్తే మార్కులు తగ్గాయి. టైపులో వ్యాసం చిన్నదిగా కనిపిస్తుంది, చేతిరాత మడతల్లో దాగిన అక్షరదోషాలు బయటపడతాయి. కొందరు చేత్తో, కొందరు కీబోర్డు మీద రాసే పరీక్షలో ఇది కొత్త తేడా అవుతుంది. కైఫెంగ్ గుమాస్తాలు ఈ చిక్కును పుట్టనివ్వలేదు. రాత బాగున్నవాడిదని ఒక పత్రాన్ని వదల్లేదు, మంత్రి కొడుకుదైనా షిచువాన్ కుర్రవాడిదైనా ప్రతి పత్రం వాళ్ల కుంచె కిందికి రావాల్సిందే. నకలు రాసినవాళ్ల చేతులు వేరువేరు కాబట్టి ఒకడి నకలు మరొకడి నకలు కన్నా చక్కగా ఉండే ఉంటుంది. కానీ ఏ నకలు ఎవరి వంతుకు వస్తుందో అభ్యర్థికీ తెలియదు, పరీక్షాధికారికీ తెలియదు.