రెండు మధ్యమాల ఆనవాలు

మా మేనమామ రేడియోలు బాగుచేసేవాడు. దుకాణం ముందు ఎవరైనా కారు వెనక్కి తీస్తే, వెనకాల బిగించిన రివర్స్ హారన్ నాలుగు స్వరాలు పలికేలోపే తల ఎత్తకుండా పాట పేరు చెప్పేసేవాడు. చేతిలో సోల్డరింగ్ ఐరన్ కదిలేది కాదు. పక్క దుకాణం పెళ్ళికార్డు తెరిస్తే కుయ్యిమనే పాటా అంతే, ఎదురింటి కాలింగ్ బెల్లూ అంతే. అలాంటి చెవి మళ్ళీ నాకు తగల్లేదు. ఈ విద్య ఆయన దగ్గర నేర్చుకున్నదే.

అన్నిటిలోకీ కష్టమైన పరీక్ష కీ ఇచ్చే పాటపెట్టె. లోపల ఇత్తడి గొట్టం, దాని మీద సన్నటి ముళ్ళు, ఎదురుగా దువ్వెన లాంటి ఉక్కు పలక. గొట్టం తిరుగుతుంటే ముళ్ళు పళ్ళను మీటుతాయి. 1796లో జెనీవాలో ఫావ్ర్ అనే గడియారాల పనివాడు దీనికి ఆద్యుడంటారు. చరిత్రకు అంతే చాలు. మనకు కావలసింది దువ్వెన. చవక పెట్టెల్లో దానికి సాధారణంగా 18 పళ్ళే ఉంటాయి. ఆ పద్దెనిమిదిలోనే పాట, కింద బరువు స్వరాలు, అన్నీ సర్దుకోవాలి. పైగా ఇంకా కంపిస్తున్న పన్నును ముల్లు మళ్ళీ తాకితే జుమ్మని చిరచిరలాడుతుంది. అందుకని వెంటవెంటనే వచ్చే స్వరానికి ఒకే శ్రుతిలో రెండు పళ్ళు పెడతారు. మంచి పనివాడి చేయి తెలిసేది అక్కడే.

ఇందులో గమకం లేదు. మీటిన స్వరం నిలవదు, వంగదు, సన్నగిల్లి పోతుంది. రాగాన్ని గమకంతో పోల్చుకునే చెవికి ఇక్కడ పని లేదు. మిగిలింది స్వరస్థానం ఒక్కటే. దానికి తోడు, మూత వేసినప్పుడు గొట్టం ఎక్కడ ఆగిందో, తెరిస్తే అక్కడినుంచే పాట మొదలవుతుంది. అంటే మనకు వినిపించే మొదటి స్వరం పల్లవిలోది కాకపోవచ్చు. తొందరపడేవాళ్ళు బోల్తా పడేది ఈ చోటనే. మామయ్య ఏం చేసేవాడంటే, ముందు చిన్న విరామం కోసం కాచుకునేవాడు. గొట్టం ఒక చుట్టు పూర్తయ్యే చోట సాధారణంగా ముళ్ళు లేని సన్నటి పట్టీ ఉంటుంది. అక్కడ క్షణం నిశ్శబ్దం. దాని ముందు పలికినది చాలాసార్లు ఆధార షడ్జమం, దాని తర్వాతది పాటకు ఆరంభం.

ఒక పెట్టెను పట్టుకుని చూద్దాం. బీతోవెన్ ‘ఫ్యూర్ ఎలీజ’. 1810 నాటి రచన, అచ్చయింది మాత్రం ఆయన పోయిన నలభై ఏళ్ళకు, 1867లో. మన రోడ్ల మీద వెనక్కి వచ్చే కార్లు దీన్ని ఎన్ని లక్షలసార్లు వినిపించాయో ఆ దేవుడికే తెలియాలి. తైవాన్‌లో చెత్త బండి వస్తోందని వీధికి చెప్పే పాటల్లో ఇదొకటి.

మొదటి మూడు స్వరాలు వినగానే చెవి ‘స ని స’ అంటుంది. అర స్వరం దిగి మళ్ళీ ఎక్కింది కాబట్టి ఆ ఊహ తప్పు కాదు. ఇంకా ఊగుతుంది: స ని స ని స. తర్వాత మంద్ర పంచమంలోకి ఒక్క దూకు. ఆ వెంటనే వచ్చే స్వరం దగ్గర ఆగాలి. అదీ నిషాదమే, కానీ ఇందాకటి కాకలి కాదు, కైశికి. ఆ తర్వాత శుద్ధ ధైవతం, ఆపైన శుద్ధ మధ్యమం. తొమ్మిదో స్వరమైన ఆ మధ్యమం దగ్గరే కింద అదే స్వరం బరువుగా మోగుతుంది. అప్పుడు తెలుస్తుంది, అసలు షడ్జమం అదీ అని. వెనక్కి లెక్క కట్టుకుంటే మొత్తం ఇలా మారిపోతుంది: ప మ ప మ ప రి మ గ స. మొదటి రెండు మధ్యమాలూ ప్రతి మధ్యమాలు, చివరిది శుద్ధ మధ్యమం. గాంధారం సాధారణం.

గమ్మత్తంతా ఇక్కడుంది. షడ్జమాన్ని తప్పుగా పట్టుకున్నా రెండు నిషాదాలు దొరికాయి, సరిగ్గా పట్టుకుంటే రెండు మధ్యమాలు దొరికాయి. ఒకే పేరు గల స్వరం రెండు స్థానాల్లో తొమ్మిది స్వరాల లోపలే కనబడటం ఈ పాటకు పుట్టుమచ్చ లాంటిది. మామయ్యకు తొమ్మిదీ అక్కర్లేదు. పంచమం మీది ఊగిసలాట, ఆ కిందికి దూకు, వెంటనే రెండో మధ్యమం. ఏడు చాలు.

పాశ్చాత్యులు కూడా తక్కువ తినలేదు. బార్లో, మోర్గన్‌స్టర్న్ 1948లో పదివేల దాకా సంగీత ఇతివృత్తాలకు నిఘంటువు వేశారు. అన్నిటినీ ఒకే శ్రుతికి మార్చి, స్వరాక్షరాల వరసలో సూచిక కట్టారు. మన ఆధార షడ్జమం ఆలోచనే. 1975లో డెనిస్ పార్సన్స్ ఇంకో దారి తొక్కాడు. స్వరం పేరు అక్కర్లేదు, మునుపటి దానికన్నా పైకి పోయిందా, కిందికి వచ్చిందా, అదే స్వరమా అని రాసుకుంటే చాలు. ఎలీజ అందులో ఇలా ఉంటుంది:

```
*DUDUDUDD
```

D అంటే కిందికి, U అంటే పైకి. సంగీతం రానివాడి చేతికి కూడా తాళంచెవి ఇచ్చిన మహానుభావుడు, దణ్ణం పెట్టాలి. అయినా నేను స్వరపక్షమే. కిందికి పైకి కిందికి పైకి అన్నది ఊగే పాట ప్రతిదానికీ వస్తుంది, ఎలీజను తేల్చడానికి ఇంకా చాలా స్వరాలు వేచి చూడాలి. (పేరుమాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. బొమ్మలో ‘స స ప ప ద ద ప’ వినగానే పిల్లవాడు ట్వింకిల్ అంటాడు, దీక్షితుల నోట్టుస్వరాలు నేర్చిన అమ్మాయి ‘శ్యామలే మీనాక్షి’ అంటుంది. ఇద్దరికీ మార్కులు వేయాలి.)

కీ అయిపోతున్న పెట్టెకూ బ్యాటరీ అయిపోతున్న బొమ్మకూ తేడా చెప్పలేనివాణ్ణి నేను ఈ విద్యలో లెక్కపెట్టను. స్ప్రింగు వదులైతే పాట నెమ్మదిస్తుంది, కానీ ఉక్కు పళ్ళ శ్రుతి మారదు. అక్కడ కాలాన్ని నమ్మకూడదు, స్వరాన్ని నమ్మాలి. కాలింగ్ బెల్లులో ఉండే మూడు కాళ్ళ చిప్పుకు, మామయ్య సొరుగు నిండా ఉండే UM66 లాంటిదానికి, బ్యాటరీ తగ్గితే శ్రుతీ కాలమూ కలిసి మారతాయి. అన్ని స్వరాలూ ఒకే మూలం నుంచి వస్తాయి కాబట్టి అన్నీ ఒకే పాళ్ళలో జారతాయి, వాటి మధ్య దూరాలు చెడవు. పాట గొంతు మారిన మనిషిలా ఉంటుంది, మనిషి మాత్రం వాడే.

నాకు కోపం తెప్పించేది ఈ చిప్పు కాదు. అది 64 స్వరాల్లో ఒదిగి నిజాయితీగా పాడింది. ఇటీవల ఒక సంతలో కొన్న పాటపెట్టె సంగతి చెబుతాను. పెట్టె మీద ఎలీజ అని బంగారు అక్షరాలు. తెరిస్తే ప మ ప మ ప, రెండు మధ్యమాలూ శుద్ధాలే! ప్రతి మధ్యమానికి పన్నే లేదు. ఉన్న పళ్ళతో సరిపెట్టేశారు. అర స్వరం ఊగాల్సిన చోట పూర్తి స్వరం ఊగుతోంది. అది ఎలీజ ఎలా అవుతుంది? కొన్నవాళ్ళ పిల్లలు అదే ఎలీజ అనుకుని పెరుగుతారు. ఫోను తీసి పాట పేరు అడిగే వాళ్ళకూ ఇక్కడ చాలాసార్లు దారి మూసుకుపోతుంది. షాజామ్ లాంటివి ఒక రికార్డును మరో రికార్డుతో పోల్చేందుకు కట్టినవి, మీ మేనత్త ఇచ్చిన పెట్టె రికార్డులో లేదు. చెవే దిక్కు. ఇప్పుడు కార్లేమో వెనక్కి వస్తూ బీప్ బీప్ అంటున్నాయి. అందులో చెప్పడానికి పేరేముంది!

పెట్టెలు తయారుచేసేవాళ్ళకూ, తెప్పించి అమ్మేవాళ్ళకూ ఒకటే మనవి. కావాలంటే కింది బరువు స్వరాల్లో ఒకటి తీసేయండి, ఎవరూ అడగరు. ఆ పద్దెనిమిదిలో ఒక పన్ను మాత్రం ప్రతి మధ్యమానికి వదలండి.