వారం మొత్తానికి ఒక్క లెక్క

ఇంట్లో టిఫిన్లు చేసి చుట్టుపక్కల ఇళ్లకూ కొట్లకూ పంపే పనిలో కొత్తగా దిగేవాళ్లు నన్ను ముందు అడిగే ప్రశ్న ఒకటే: ‘ఏ రోజు ఏం పెట్టాలక్కా?’ వంటల పేర్లు వరసగా రాసుకుని, సోమవారం నుంచి శనివారం దాకా పంచేస్తే మెనూ అయిపోయిందనుకుంటారు. అలా రాసిన మెనూ రెండో వారానికే ఒళ్లు హూనం చేస్తుంది, నెల తిరిగేసరికి డబ్బూ మిగలదు. మెనూ మొదలుపెట్టాల్సింది వంట పేరుతో కాదు. పిండి ఎన్నాళ్లు నిలుస్తుంది, పొయ్యి ఎంతసేపు ఖాళీ ఉంటుంది, ఈ రెండింటితో మొదలుపెట్టాలి.

మా వాషర్‌మెన్‌పేట్‌లో ఈ పనికి ఒక గట్టి పరీక్ష ఉంది. 2013లో అమ్మ ఉణవగాలు వచ్చినప్పటి నుంచి చెన్నైలో రూపాయికి ఇడ్లీ దొరుకుతోంది. ధరలో దానితో పోటీ పడాలని ఇంటి వంటగది అనుకోకూడదు. మన దగ్గర డబ్బా కట్టించుకునేవాళ్లు వేళకు గుమ్మం దగ్గరికి వచ్చే తిండికీ, నచ్చిన చట్నీకీ, రోజూ ఒకటే తినక్కర్లేని వారానికీ డబ్బిస్తున్నారు. ఎం.సి. రోడ్డులో చీరల కొట్లలో పనిచేసేవాళ్లు, త్యాగరాయ కాలేజీ చుట్టుపక్కల గదుల్లో ఉండే కుర్రాళ్లు, పొద్దున్నే మెట్రో ఎక్కే ఉద్యోగులు, ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లు. డబ్బాలు తీసుకునేది ఎక్కువగా వీళ్లే.

ముప్పై డబ్బాలు అనుకుందాం. ఏడింటికల్లా ఇల్లు దాటాలి. నాలుగు బర్నర్లు, పని చేసే చేతులు రెండు జతలు. ఇప్పుడు వారాన్ని కడదాం.

ఆదివారం సాయంత్రం పిండి రుబ్బుతాం. నాలుగు పాళ్ల ఇడ్లీ బియ్యానికి ఒక పాలు గుండు మినప్పప్పు, చెంచాడు మెంతులు. కిలో బియ్యం, పావుకిలో పప్పుకు అరవై ఇడ్లీల దాకా వస్తాయి. డబ్బాకు నాలుగు చొప్పున సోమవారానికి 120 ఇడ్లీలు కావాలి. అంటే రెండు కిలోల బియ్యం, అరకిలో పప్పు. దీంతోపాటే ఇంకో కిలో బియ్యం, దానికి తగ్గ పప్పు కలిపి రుబ్బుతాం. ఆ అదనపు పిండి బుధవారం గుంతపొంగణాలకు. మూడో రోజుకు పిండి కాస్త పులుస్తుంది. ఆ పులుపు ఇడ్లీకి పనికిరాదు గానీ ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం పడ్డ పొంగణానికి అదే రుచి. మధ్యలో మంగళవారం పిండితో పనిలేని పొంగల్. గురువారం ఉప్మా. ఆ సాయంత్రమే మళ్లీ రుబ్బి శుక్రవారం ఇడ్లీ. శనివారం పెసరట్టు. పెసలు ముందురోజు రాత్రి నానబోస్తే చాలు, పులియనక్కర్లేదు. వారానికి రెండుసార్లే రుబ్బడం.

ఇందులో తప్పిపోయే చోటు బుధవారం పిండే. మే నెలలో మన దగ్గర పిండి ఆరేడు గంటల్లో పొంగిపోతుంది, మార్గళి చలిలో పది పన్నెండు గంటలు తీసుకుంటుంది. ఇడ్లీ పిండితోపాటు రాత్రంతా బయట వదిలేసి పొద్దున ఫ్రిజ్‌లో పెడితే, ఎండాకాలంలో బుధవారానికి చెడు వాసన వస్తుంది. పైన నీరు తేలి, బుడగలు అణగి, గరిటె పెడితే జారిపోతుంటే ఆ పిండి అయిపోయినట్టే. అందుకే పొంగణాల వాటా రుబ్బిన వెంటనే వేరే గిన్నెలోకి తీయాలి. సగం పొంగగానే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మిగతా సగం అక్కడే నెమ్మదిగా పులుస్తుంది.

ఇక పొయ్యి లెక్క. ముప్పై ఇడ్లీలు పట్టే పాత్రలు రెండుంటే 120 ఇడ్లీలు రెండు వాయిలు. అరగంట పని, ఆ అరగంటలో చేతులు ఖాళీ. సాంబారు, చట్నీ అప్పుడే అయిపోతాయి. దోశ అలా కాదు. ఒక్కొక్కటి పోయాలి, తిప్పాలి, తీయాలి. పైగా డబ్బాలో మూతపెట్టిన పావుగంటకే చెమ్మగిల్లి మెత్తబడుతుంది. అందుకే ఇంటి డబ్బాలో దోశ పెట్టను. ఊతప్పమైతే డబ్బాకు రెండు చొప్పున అరవై, రెండు పెనాల మీద గంటన్నర. అదే పిండిని పన్నెండు గుంటల పెనాలు రెండింటిలో పొంగణాలుగా వేస్తే, డబ్బాకు ఐదు చొప్పున 150కి ఏడు వాయిలు, ముప్పావుగంటలోపే.

పెసరట్టుకూ పెనం ముందు నిలబడక తప్పదు. దాన్ని శనివారం పెట్టడానికి కారణం అదే. ఆఫీసులకు సెలవు కాబట్టి శనివారం డబ్బాలు పద్దెనిమిదికి పడిపోతాయి. ముప్పై ఆరు పెసరట్లు గంటలో అవుతాయి. చేతిపని ఎక్కువ పట్టే వంటను డబ్బాలు తక్కువున్న రోజుకు నెట్టాలి. మెనూలో ఇంతకన్నా పెద్ద రహస్యం నాకు తెలీదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఈ ధరలు మా ఇంటికి పడేవి. మీ వీధిలో కాస్త అటూ ఇటూ ఉంటాయి. సోమవారం ఇడ్లీకి బియ్యం, పప్పు 165 రూపాయలు, నాలుగున్నర లీటర్ల సాంబారు 200, నాలుగు కాయల కొబ్బరి చట్నీ 165. మొత్తం 530, డబ్బాకు పద్దెనిమిది. మంగళవారం పొంగల్‌లో బియ్యం, పెసరపప్పు కలిపి 126 రూపాయలే. పావుకిలో నెయ్యి, వంద గ్రాముల జీడిపప్పు, మిరియాలు కలిసేసరికి 420 దాకా అవుతుంది. సాంబారు, చట్నీ చేరితే 785, డబ్బాకు ఇరవై ఆరు. బుధవారం పొంగణాలు వేరుశనగ చట్నీతో కలిపి 310, డబ్బాకు పదిన్నర. గురువారం ఉప్మా 375. శుక్రవారం ఇడ్లీ వేరుశనగ చట్నీతో 465. శనివారం పెసరట్టు, అల్లం పచ్చడి పద్దెనిమిది డబ్బాలకు 355.

అన్నీ కలిపితే వారానికి 2,820 రూపాయలు, 168 డబ్బాలు. డబ్బాకు సగటున పదిహేడు. గ్యాసు, కరెంటు, సబ్బు, డబ్బాలు చేర్చే కుర్రాడి కూలి కలిపి ఇంకో ఏడు వేసుకుంటే ఇరవై నాలుగు. నలభై రూపాయలకు ఇస్తే డబ్బాకు పదహారు, వారానికి సుమారు 2,690 మిగులుతుంది. మనిద్దరి కష్టానికి వచ్చేది ఇదే.

ఏ రోజు ఖర్చు ఆ రోజు చూసుకుంటే పొంగల్ రోజు నష్టంలా కనబడుతుంది. డబ్బాకు ఏడు రూపాయలే మిగులుతుంది. అప్పుడు నెయ్యి తగ్గించాలనిపిస్తుంది. తగ్గించకండి. జనం డబ్బా కట్టించుకునేది ఆ పొంగల్ కోసమే, దాని ఖర్చు బుధవారం పొంగణాలూ గురువారం ఉప్మా మోస్తున్నాయి. అలాగని అందరూ అడుగుతున్నారని బుధవారం కూడా పొంగల్ పెడితే వారం ఖర్చు 475 పెరుగుతుంది. మిగిలేదాంట్లో ఆరో వంతుకు పైగా పోయినట్టే. వారానికి ఒక్క ఖరీదైన రోజు, దాన్ని మోసే రెండు చవక రోజులు. ఈ నిష్పత్తి చెడకూడదు.

చవక రోజుల కష్టం రుచిలో ఉంది. ఉప్మా అనగానే మొహం ముడుచుకునేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. గురువారం నుంచి దాన్ని తీసేస్తే లెక్క కూలిపోతుంది. కాబట్టి గురువారం పని మార్చకుండా వంట మాత్రం మార్చాలి. ఒక వారం బొంబాయి రవ్వ ఉప్మా, తర్వాతి వారం సేమ్యా, ఆపైన గోధుమరవ్వ, నాలుగో వారం పసుపు వేసి బీన్సు, క్యారెట్టు, బఠాణీలతో చెన్నై హోటళ్ల తరహా రవ్వ కిచడి. పొయ్యి మీద నాలుగూ ఒక్కటే, గంటలోపు గిన్నె దిగుతుంది. తినేవాళ్లకు మాత్రం నెలకోసారే ఒకటి ఎదురవుతుంది. బుధవారం పొంగణాల్లోనూ ఒక వారం ఉల్లి, ఒక వారం క్యారెట్ తురుము. మెనూ తిప్పడమంటే ఇంతే. వారం ఎముకలు కదలకూడదు, పైన కండ మారుతుండాలి.

ఎవరికేం ఇష్టమో తెలుసుకోవడానికి ‘ఏం కావాలి’ అని అడగకండి. అందరూ పూరీ, వడకర్రీ అంటారు. ‘ఏది వద్దు’ అని అడగండి. ఆ జవాబు పనికొస్తుంది. ఇంకా మంచి జవాబు ఖాళీ డబ్బాలో తిరిగొస్తుంది. స్టీలు డబ్బాలే వాడమనడానికి అదో కారణం. ఇడ్లీ మిగలడం అరుదు, చట్నీ మిగులుతుంది. తెలుగిళ్లలో వేరుశనగ చట్నీ అయిపోతుంది, తమిళ ఇళ్లలో కొబ్బరిది అయిపోతుంది. అంటే ఇష్టాయిష్టాలు ఎక్కువగా పక్కన పెట్టేదాంట్లో ఉన్నాయి. మెనూ రెండుగా చీల్చక్కర్లేదు, చట్నీ చీలిస్తే చాలు. ఎం.సి. రోడ్డు కొట్లలోవాళ్లు ఏడింటి డబ్బాను పదింటికి తెరుస్తారు. అప్పటికి కొబ్బరి చట్నీ ఎండాకాలంలో వాసన పట్టేస్తుంది. వాళ్లకు వేరుశనగ చట్నీయో, నువ్వులనూనె తడిపిన కారప్పొడియో పంపాలి. 2025లో తమిళనాడులో కొబ్బరికాయ ధర ఎగబాకినప్పుడు ఈ విభజనే వంటగదిని కాపాడింది. కాయలు సగానికి తగ్గాయి, డబ్బా ధర పెంచే పని పడలేదు.

పంచాంగం కూడా గోడ మీద ఉండాలి, రెండు భాషల్లోదీ. పురట్టాసి శనివారాలు తమిళ ఇళ్లకు, కార్తీక సోమవారాలు తెలుగిళ్లకు. ఆ రోజుల్లో కొందరు ఉపవాసాలుంటారు, డబ్బాలు తగ్గుతాయి, పిండి తగ్గించి రుబ్బాలి. శుక్రవారం, అమావాస్య ఉల్లి వెల్లుల్లి తినని ఇళ్లు చాలా. అందుకే శుక్రవారం సాంబారు ఎప్పుడూ ఉల్లి లేకుండా, గుమ్మడికాయతోనో ములక్కాడతోనో. నవంబరు మధ్య నుంచి అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు రోజూ అలాగే కావాలి. అప్పుడు పొంగణాల పిండిలో ఉల్లి కలిపే ముందే వాళ్ల వాటా తీసిపెట్టాలి.

ఇంకో పదిహేను ఇళ్లు అడుగుతున్నాయని ఒప్పుకునే ముందు, వారంలో ఏ రోజు ముందు విరుగుతుందో చూడండి. నలభై ఐదు డబ్బాలకు ఇడ్లీ ఇంకో వాయి, పొంగల్ ఇంకో పెద్ద గిన్నె, అంతే. పొంగణాలు మాత్రం 225. రెండు పెనాల మీద పది వాయిలు, గంటసేపు. శనివారం పద్దెనిమిది ముప్పై అయితే పెసరట్టుకు గంటన్నర. ఆ గంటన్నర మీ పొద్దుట్లో లేకపోతే ముందు శనివారం వంట మార్చండి, ఆ తర్వాతే కొత్త ఇళ్లకు సరేననండి. వచ్చే ప్రతి డబ్బాకూ సరే అనేది మీ నోరు కాదు, మీ పెనం.