హైదరాబాద్‌లో రోజుకు ఎన్ని వాటర్ క్యాన్లు?

బిజినెస్ స్కూల్లో సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలు జరుగుతున్న గది. బల్లకు ఇటు మొదటి ఏడాది విద్యార్థిని, అటు కన్సల్టింగ్ కంపెనీ నుంచి వచ్చిన మేడమ్. మధ్యలో తెల్ల కాగితం, పెన్ను తప్ప ఏమీ లేవు. కాలిక్యులేటర్ వాడకూడదు, ఫోన్ తీయకూడదు. ప్రశ్న ఒక్క ముక్కలో వచ్చింది: "హైదరాబాద్‌లో రోజుకు ఎన్ని 20 లీటర్ల వాటర్ క్యాన్లు అమ్ముడవుతాయి?"

ఈ ప్రశ్నకు సరైన జవాబు అడిగినవారి దగ్గర కూడా ఉండదు. మన క్యాంపస్‌లలో దీన్ని 'గెస్టిమేట్' అంటారు. పేరులో గెస్ ఉన్నా, చూసేది గుడ్డిగా చెప్పిన అంకెను కాదు, ఆ అంకె దగ్గరికి నడిచిన దారిని.

ఈ పద్ధతి మూలాలు భౌతికశాస్త్రంలో ఉన్నాయి. 1945 జులై 16న అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారిలో తొలి అణుబాంబు పరీక్ష జరిగినప్పుడు ఎన్రికో ఫెర్మి దాదాపు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. పేలుడు గాలి తనను తాకే వేళకు చేతిలోని కాగితం ముక్కలను వదిలాడు. అవి రెండున్నర మీటర్ల దూరం జరిగి పడ్డాయి. దాన్నిబట్టి పేలుడు బలం పదివేల టన్నుల టి.ఎన్.టి.కి సమానమని లెక్కగట్టాడు. తర్వాత తేలిన లెక్క 20 వేల టన్నులకు పైనే. అయినా బలం వెయ్యి టన్నులా, లక్ష టన్నులా అన్న సందేహాన్ని ఆ కాగితం ముక్కలే తీర్చేశాయి. షికాగోలో పియానో శ్రుతి చేసేవాళ్లు ఎంతమంది ఉంటారన్న ప్రసిద్ధ ప్రశ్న కూడా ఆయన పేరు మీదే చలామణి అవుతోంది. ఇలాంటి ప్రశ్నలను కన్సల్టింగ్ కంపెనీలు ఇంటర్వ్యూల్లోకి తెచ్చుకోవడానికి కారణం ఉంది. కొత్త వ్యాపారంలోకి దిగాలా వద్దా అని క్లయింట్ అడిగిన మొదటి రోజున వాళ్ల చేతిలోనూ పూర్తి సమాచారం ఉండదు.

మళ్లీ గదిలోకి వద్దాం. విద్యార్థిని వెంటనే లెక్క మొదలుపెట్టలేదు. "మేడమ్, ప్లాంటుకు సొంత క్యాన్ తీసుకెళ్లి నింపుకునేవాళ్లను కూడా కలపాలా? పెళ్లిళ్లు, ఫంక్షన్లు కలపాలా?" అని అడిగింది. నింపుకునేవాళ్లను కలపమని, ఫంక్షన్లను వదిలేయమని మేడమ్ చెప్పారు. ఈ రెండు ప్రశ్నలకు పట్టేది అర నిమిషమే. అవి అడగకపోతే పది నిమిషాల తర్వాత ఇద్దరి మనసులో రెండు వేర్వేరు మార్కెట్లు ఉండేవి.

ఇక ముక్కలు చేయడం. చాలామంది ఇక్కడ అలవాటుగా జనాన్ని పేద, మధ్యతరగతి, ధనిక అని మూడుగా విడగొడతారు. క్యాన్ల విషయంలో ఆ గీత పెద్దగా పనికిరాదు. డబ్బున్న ఇంట్లో ప్యూరిఫైయర్ ఉండొచ్చు, పక్కనే అంతే డబ్బున్న ఇంట్లో క్యాన్ ఉండొచ్చు. అందుకే ఆమె తాగునీరు ఎక్కడినుంచి వస్తుందన్నదాన్ని బట్టి విడగొట్టింది: ఇంట్లో ప్యూరిఫైయర్ ఉన్నవారు, నల్లా నీళ్లు తాగేవారు, క్యాన్ కొనేవారు. ఇలా చేస్తే ప్రతి ముక్కకూ తాను కళ్లారా చూసిన ఇళ్లను గుర్తు తెచ్చుకోగలదు. మంచి విభజనకు గుర్తు అదే: విడగొట్టాక ఒక్కో భాగానికి అంకె వేయడం తేలికవ్వాలి.

2011 జనాభా లెక్కల్లో నగరపాలక సంస్థ పరిధిలో ఉన్నది 70 లక్షల లోపు జనం. నగరం అప్పటినుంచి పెరుగుతూనే ఉంది కాబట్టి ఆమె కోటి అనుకుంది. ఇంటికి నలుగురు చొప్పున 25 లక్షల ఇళ్లు. వాటిలో 40 శాతం క్యాన్ల మీద ఆధారపడతాయనుకుంటే 10 లక్షల ఇళ్లు. ఇంట్లో తాగడానికి, వంటకు మనిషికి రెండున్నర లీటర్ల చొప్పున నలుగురికి రోజుకు 10 లీటర్లు. అంటే ఒక క్యాన్ రెండు రోజులు వస్తుంది. ఇళ్లకు రోజుకు 5 లక్షల క్యాన్లు.

తర్వాత ఆఫీసులు, దుకాణాలు. జనాభాలో 40 శాతం, అంటే 40 లక్షల మంది పనిచేస్తారనుకుంది. వారిలో సగం మంది పనిచేసేచోట క్యాన్ నీళ్లుంటాయి, ఒక్కొక్కరు పగలు లీటరు తాగుతారు. 20 లక్షల లీటర్లంటే లక్ష క్యాన్లు. మొత్తం 6 లక్షలు.

ఇక్కడే ఒక తప్పు పొంచి ఉంటుంది. పగలు ఆఫీసులో తాగే నీటిని ఇంటి ఖాతాలోనూ వేస్తే ఒకే గ్లాసును రెండుసార్లు లెక్కపెట్టినట్టే. అందుకే ఇంటి రెండున్నర లీటర్లలో ఆఫీసు నీళ్లు లేవని ఆమె ముందే చెప్పింది. మరో సాధారణ పొరపాటు సున్నాలది. లక్షల్లో మొదలుపెట్టి మధ్యలో మిలియన్లకు మారితే పది రెట్ల తేడా ఇట్టే వచ్చేస్తుంది. ఒకే కొలమానంతో చివరిదాకా వెళ్లడమే దానికి మందు.

6 లక్షలు అని చెప్పి ఆగిపోయేవారు చాలామంది. ఆమె లెక్కను రెండో వైపునుంచి చూసింది. నిండు క్యాన్ దాదాపు 20 కిలోలు. 750 కిలోలు మోసే చిన్న ట్రాలీలో ఒక ట్రిప్పుకు 37, ఉజ్జాయింపుగా 40 పడతాయి. రోజుకు నాలుగు ట్రిప్పులంటే 160. అన్నీ బండి మీదే వెళ్తాయనుకుంటే 6 లక్షల క్యాన్లకు దాదాపు 3,750 బండ్లు కావాలి. నగరాన్ని 150 డివిజన్లుగా చూస్తే డివిజన్‌కు 25. ఒక్కో డివిజన్‌లో 65 వేల మందికి పైగా ఉంటారు కాబట్టి 25 బండ్లు నమ్మదగిన మాటే. అదే 250 అని వచ్చి ఉంటే, వీధుల్లో క్యాన్ల బండ్లు తప్ప మరేమీ కనిపించకూడదు. అప్పుడు పైన ఎక్కడో ఒక సున్నా ఎక్కువ పడిందని తెలిసిపోయేది.

చివరగా మేడమ్ అడిగారు: "మీ లెక్కలో మీకే నమ్మకం తక్కువున్న అంకె ఏది?"

ఆమె తడుముకోలేదు. క్యాన్ కొనే ఇళ్లు 40 శాతమన్నదే అత్యంత బలహీనమైన ఊహ అని చెప్పింది. అది 30 అయితే మొత్తం 4 లక్షల 75 వేలు, 50 అయితే 7 లక్షల 25 వేలు. అందుకని తన జవాబు ఒక్క అంకె కాదని, సుమారు 5 నుంచి 7 లక్షల మధ్య అని చెప్పింది. ఎండాకాలంలో పై అంచుకు దగ్గరవుతుందని కూడా కలిపింది. 6,12,450 అని చెప్పి ఉంటే లెక్కకు లేని కచ్చితత్వాన్ని అంటగట్టినట్టయ్యేది.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. క్యాన్ల సంఖ్య ఇంత బాగా వచ్చినా దాన్ని రూపాయల్లోకి మార్చడం అంత తేలిక కాదు. ప్లాంటు దగ్గర నింపుకునే నీటికి, గుమ్మం దాకా తెచ్చిచ్చే క్యాన్‌కు, బ్రాండ్ సీలు వేసిన క్యాన్‌కు ధరలు వేరు. సగటు ధర 30 రూపాయలనుకుంటే ఏడాదికి 650 కోట్ల పైచిలుకు వస్తుంది. కానీ ఆ సగటు మారితే మొత్తం అదే పాళ్లలో మారుతుంది. పెట్టుబడి పెట్టేవారు ముందుగా తెలుసుకోవలసింది ఆ ధరల వాటాలనే.

ఈ ఏడాది ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్నవారు రేపు పొద్దున తమ వీధిలో కాసేపు నిలబడి, క్యాన్ల బండి ఎన్ని గుమ్మాల ముందు ఆగుతుందో లెక్కపెట్టి చూడండి. ఆ 40 శాతాన్ని సరిదిద్దే మొదటి అంకె అక్కడే దొరుకుతుంది.