కృతజ్ఞత తరువాతి వాక్యం

తెలుగువాళ్లకు ‘ధన్యవాదాలు’ అంత తేలిగ్గా నోటికొచ్చే మాట కాదు. అన్నం పెట్టిన ఇల్లాలితో ‘కడుపు నిండిందమ్మా’ అంటాం, సాయం చేసిన మనిషితో ‘మీరు లేకపోతే ఈ పని అయ్యేది కాదండీ’ అంటాం. ఏం అందిందో చెబుతాం, కృతజ్ఞత అందులోనే ఉంటుంది. ఇంటర్వ్యూ ముగిసిన మర్నాడు మెయిల్ రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం ఈ అలవాటు ఎక్కడికో పోతుంది. ‘రెస్పెక్టెడ్ సర్’తో మొదలుపెట్టి, విలువైన సమయం కేటాయించినందుకు, అవకాశం ఇచ్చినందుకు అంటూ నాలుగు అరువు వాక్యాలు పేర్చి, సానుకూల స్పందన కోసం ఎదురుచూస్తున్నామని ముగిస్తాం. అందులో తప్పేమీ ఉండదు, అసలు ఏమీ ఉండదు. ఆ మెయిల్లో థాంక్యూ కవరు లాంటిదని నా అభిప్రాయం. కవరు లోపల ఉండాల్సింది ఒకే ఒక కొత్త విషయం. అదీ మనకు తోచిన గొప్ప విషయం కాదు, ఇంటర్వ్యూ గదిలో వాళ్లు అడిగి, మనం సగమే చెప్పి వదిలేసిన దానికి మిగతా సగం.

గదిలోని ప్రశ్నతోనే ముడిపెట్టాలని ఎందుకంటున్నానంటే, మంచి ఇంటర్వ్యూ నడిచే తీరు అలాంటిది. అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ఒక్కో జవాబుకు ముందే రాసుకున్న కొలతతో మార్కులు వేసే పద్ధతి, తోచింది అడుగుతూ కబుర్లలా సాగే ఇంటర్వ్యూ కంటే ఉద్యోగంలో పనితీరును బాగా అంచనా వేస్తుందని ఈ రంగంలో చాలాకాలంగా తెలిసిందే. ష్మిట్, హంటర్ 1998లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు అది బలమైన సాధనాల్లో ఒకటిగా నిలిచింది. 2022లో సాకెట్ బృందం అవే లెక్కలను కొత్తగా సరిచూసినప్పుడు ఏకంగా జాబితాలో పైకి వచ్చింది. మన కంపెనీలన్నీ ఇంత పద్ధతిగా చేస్తాయని నేను అనడం లేదు. అయినా ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఎంత లాంఛనంగా నింపిన ఫారంలోనైనా గళ్లు ఉంటాయి: సాంకేతిక జ్ఞానం, సమస్యను విడదీసే తీరు, బృందంతో పని. ‘మర్యాదగా మెయిల్ పెట్టాడు’ అనేదానికి అందులో గడి ఉండదు. మన ఉత్తరం పనికి రావాలంటే చదివే మనిషికి ఇప్పటికే ఉన్న ఒక గడి గుర్తుకు రావాలి.

ఒక ఉదాహరణను వివరంగా చూద్దాం. హైదరాబాద్ శివార్లలో అమెరికాకు మాత్రలు ఎగుమతి చేసే మందుల కర్మాగారం ఒకటి ఉందనుకోండి. అక్కడ క్వాలిటీ కంట్రోల్ అనలిస్టు పోస్టుకు, మూడేళ్లు హెచ్‌పీఎల్‌సీ మీద పనిచేసిన ఒక అమ్మాయి ఇంటర్వ్యూకు వెళ్లింది. ల్యాబ్ మేనేజర్ అడిగాడు: ‘అస్సే లిమిట్ 95.0 నుంచి 105.0 శాతం. నీకు 93.2 వచ్చింది. ఏం చేస్తావ్?’ ఈ రంగంలో దీన్ని ఓఓఎస్ అంటారు, అంటే ఫలితం నిర్దేశిత హద్దు దాటిందని. ఆమె బాగానే చెప్పింది. వెంటనే సూపర్‌వైజర్‌కు చెబుతాను, తూకం, లెక్కలు, స్టాండర్డ్, క్రొమాటోగ్రామ్ చూస్తాను, కారణం దొరక్కుండా నా అంతట నేను మళ్లీ పరీక్ష చేయను అంది. ఆ చివరి మాట ముఖ్యమైనది. పాసయ్యే దాకా పరీక్షిస్తూ పోవడం కుదరదని 1993లో బార్ ల్యాబొరేటరీస్ కేసులో అమెరికా ఫెడరల్ కోర్టు తేల్చింది. యూఎస్ ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చి, 2022లో సవరించిన ఓఓఎస్ మార్గదర్శకం కూడా ఆ దారిలోనే నడుస్తుంది. మేనేజర్ తల ఊపి, ‘మా దగ్గర ఈ దర్యాప్తులే తెమలడం లేదమ్మా, కారణం తేలక ఫైళ్లు పేరుకుపోతున్నాయి’ అన్నాడు. అంతలో హెచ్‌ఆర్ జీతం సంగతి ఎత్తింది. సమయం అయిపోయింది.

ఇప్పుడు ఆమె ముందు రాయదగ్గ విషయాలు చాలానే ఉన్నాయి. ఇంకో పరికరం కూడా వచ్చని రాయొచ్చు, చేసిన సర్టిఫికెట్ కోర్సు గురించి రాయొచ్చు, ఆ కంపెనీ అంటే ఎంత గౌరవమో రాయొచ్చు. మొదటి రెండూ రెజ్యూమేలో ఉన్నవే. మూడోది అందరూ రాసేదే. గదిలో తెరిచి మూయకుండా వదిలేసిన తలుపు ఒకటే: కారణం తేలడం లేదన్న మేనేజర్ మాట. దానికి ఆమె అనుభవంలో జవాబు ఉంది. ఇలాంటి ఉత్తరం మామూలుగా ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది. అందులోని విషయాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

‘నిన్న ఓఓఎస్ గురించి మీతో మాట్లాడే అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. దర్యాప్తుల్లో కారణం తేలడం లేదన్నారు. మూడేళ్లుగా నా పనిలో పెద్ద భాగం అదే. నా జవాబులో ఒక విషయం చెప్పడం మిగిలిపోయింది. ఫలితాలు సరిచూసేదాకా నేను ఫ్లాస్కులు, వయల్స్ పారబోయను. ఒకసారి ఫలితం తక్కువ వచ్చినప్పుడు, దాచిన వయల్‌ను సూపర్‌వైజర్ అనుమతితో మళ్లీ ఇంజెక్ట్ చేస్తే అదే తక్కువ వచ్చింది. కాబట్టి పరికరం తప్పు కాదని తేలింది. దాచిన స్టాక్ ద్రావణం నుంచి కొత్తగా డైల్యూట్ చేస్తే విలువ మామూలుకు వచ్చింది. తప్పు పిపెట్‌తో తీసిన చోట జరిగిందని ఆ రోజే తెలిసింది. మీ ల్యాబ్‌లో ఈ పని చేయాలని నాకు ఆసక్తి ఉంది.’

ఇది వంద మాటలు కూడా లేదు, అయినా చదివే మేనేజర్‌కు ఇందులో చాలా కనిపిస్తుంది. ముందు పరికరం మీది అనుమానాన్ని తోసేసి, తరువాత డైల్యూషన్‌లో తప్పును పట్టుకున్న క్రమం కనిపిస్తుంది. అనుమతి తీసుకున్న మాట కనిపిస్తుంది. ఫ్లాస్కు కడిగేసి ఉంటే ఈ కారణం ఎప్పటికీ తేలేది కాదన్న సంగతి ఆయనకు విడిగా చెప్పక్కర్లేదు. ఆయన కావాలంటే లెక్క కూడా వేసుకుంటాడు: అసలు విలువ 99 శాతం దగ్గర ఉండి 93 వచ్చిందంటే, 5 మి.లీ. తీయాల్సిన చోట 4.7 మి.లీ. వచ్చినట్టు, బహుశా గాలి బుడగ. అలా కొత్తగా డైల్యూట్ చేసిన విలువతో పాత ఫలితాన్ని మార్చేయకూడదనీ, అది కారణం కనిపెట్టడానికే పనికొస్తుందనీ కూడా ఆయనకు తెలుసు. ఈమెకు తెలుసా అన్న ప్రశ్న ఆయనకు రావచ్చు. వస్తే మంచిదే, తరువాతి రౌండులో అడగడానికి ఆయనకో ప్రశ్న దొరికింది. ‘నేను ఈ ఉద్యోగానికి తగినదాన్ని’ అనే వాక్యం ఉత్తరంలో ఎక్కడా లేదని గమనించారా? ఆయన చెప్పిన ఇబ్బంది పక్కన ఆమె పని పెట్టింది, అంతే. పొత్తు కుదిరిందో లేదో చూసుకోవడం ఆయన వంతు.

అదే ఉత్తరంలో లేనివీ చూడాలి. మందు పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, ఆ సంఘటన ఏ నెలలో జరిగిందో లేదు. ఇంటర్వ్యూలో నోరు జారితే గాలిలో కలిసిపోవచ్చు గానీ, మెయిల్ మిగిలిపోతుంది. పాత కంపెనీ రహస్యాన్ని కొత్త కంపెనీకి రాసిచ్చే మనిషి రేపు మన రహస్యాన్నీ ఇంకొకరికి రాసిస్తుందని ఏ మేనేజరైనా అనుకుంటాడు. ఉదాహరణ ఎంత బాగున్నా, పేర్లు తీసేస్తే నిలబడకపోతే వదిలేయాల్సిందే. మీ ల్యాబ్‌ను ఇలా బాగుచేయొచ్చంటూ పది అంశాల ప్రణాళిక పంపడం ఇంకో పొరపాటు. గంట సేపు చూసిన ఇంటిని సర్దుతానని బయల్దేరినట్టుంటుంది. ఇక గదిలో జవాబు తప్పే చెప్పి ఉంటే? మళ్లీ పరీక్షలు చేసి అన్నిటికీ సగటు తీస్తానని అనేసి, బస్సులో తప్పు గ్రహించి ఉంటే? సగటు తీస్తే తేడా కప్పబడిపోతుందనేది ఈ రంగంలో మొదటి పాఠం. అప్పుడు ఆ దిద్దుబాటే కొత్త విషయం కావాలి, ‘ఇంటికొచ్చాక చూసుకుని సరిచేస్తున్నాను’ అని దాపరికం లేకుండా రెండు వాక్యాల్లో. మొదటినుంచీ తెలిసినట్టు రాస్తే ఎవరూ నమ్మరు.

పంపే దారి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇస్తే ఏ పోస్టు, ఏ రోజు అన్నది దానంతటదే తెలుస్తుంది. మేనేజర్ మెయిల్ ఇవ్వకపోతే హెచ్‌ఆర్‌కే రాసి, ఆయనకు చేర్చమని అడగాలి. ఆయన ఫోన్ నంబరు ఎక్కడో సంపాదించి వాట్సాప్‌లో పెడితే ఉత్తరం మంచిదైనా చేసిన పని చెడ్డదవుతుంది. అదే రోజు సాయంత్రమో మర్నాడు ఉదయమో పంపడం మేలు, ఎందుకంటే ఆ ఫారాలు ఎక్కువ రోజులు ఖాళీగా ఉండవు.

ఇక అభ్యంతరాలకు వద్దాం. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలత అన్నప్పుడు, గది బయటి నుంచి వచ్చిన ఉత్తరాన్ని లెక్కలోకి తీసుకుంటే మిగతావాళ్లకు అన్యాయం కాదా అని అడగొచ్చు. ఇది బలమైన ప్రశ్నే. సర్వీస్ కమిషన్ వంటి చోట్ల దీనికి జవాబు ‘అవును, అన్యాయమే’. అక్కడ ఎవరినైనా ఏ రూపంలో ప్రభావితం చేయబోయినా అనర్హతకు దారితీయవచ్చు కాబట్టి ఈ ఉత్తరం ఊసే ఎత్తకూడదు. పొద్దున ఇంటర్వ్యూ చేసి సాయంత్రం ఫలితం చెప్పే వాక్-ఇన్‌లకూ ఇది దండగే. ప్రైవేటు నియామకాల్లో మాత్రం పరిస్థితి వేరు. అక్కడ రెండో రౌండు ఉంటుంది, రిఫరెన్సులు అడుగుతారు, ఫోన్ చేసి సందేహాలు తీర్చుకుంటారు. గది బయటి సమాచారం ఎలాగూ వస్తూనే ఉంటుంది. అందులో పనికి సంబంధించిన ఒక వాస్తవాన్ని అభ్యర్థి స్వయంగా చేర్చడం మిగతా వాటికన్నా తక్కువ న్యాయమైనదని నాకు అనిపించదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. 2019లో బిజినెస్ ఇన్‌సైడర్ ఎడిటర్ జెస్సికా లీబ్‌మన్, థాంక్యూ మెయిల్ పంపని వాళ్లను ఉద్యోగంలోకి తీసుకోకూడదన్నది తన నియమమని రాసినప్పుడు పెద్ద దుమారమే లేచింది. ఆ మర్యాద కొన్ని ఇళ్లలో, కొన్ని కాలేజీల్లో మాత్రమే నేర్పుతారు, అది తెలియకపోవడం అసమర్థత ఎలా అవుతుందని విమర్శకులు అడిగారు. నేను వాళ్ల పక్షమే. నల్గొండలోనో నరసరావుపేటలోనో బీఫార్మసీ చదివి వచ్చిన కుర్రాడికి ఈ అలవాటు ఎవరు చెప్పి ఉంటారు? మెయిల్ రాలేదని ఒకరిని తీసేయడం మర్యాదకు మార్కులు వేయడమే, గళ్లలో లేని గడి గీయడమే. అందుకే థాంక్యూకు విలువ ఇవ్వకూడదు, లోపలి వాక్యానికే ఇవ్వాలి అంటున్నాను. ఖాళీ కవరు పంపినవాడికీ ఏదీ పంపనివాడికీ మేనేజర్ తేడా చూపకూడదు. దర్యాప్తు గురించి రాసిన వాక్యం మాత్రం మర్యాద పరిధిలోకి రాదు. అది ఆలస్యంగా అందిన జవాబు.

జవాబు అందాక ఆయన తిరిగి రాయకపోవచ్చు. చాలామంది రాయరు, దానికి అర్థం వెతకనక్కర్లేదు. చెప్పిన గడువు దాటి వారమైతే హెచ్‌ఆర్‌కు రెండు వాక్యాల విచారణ పంపొచ్చు. అందులో మాత్రం కొత్త విషయం ఏదీ పెట్టకూడదు. తేదీ అడిగి ఊరుకోవాలి.