అఫ్జల్‌గంజ్‌లో రెండు ‘జ’లు

మా నల్లగండ్ల పిల్లలకు గండిపేట అంటే సెలవు రోజు షికారు. ఆ చెరువు ఎందుకు వచ్చిందో వాళ్లకు చెప్పాలని 1908 మూసీ వరద మీద ఒక చిన్న వీడియోకు స్క్రిప్టు రాశాను. వాయిస్ ఓవర్ చెప్పే ఆవిడది కోస్తా. గొంతు చాలా బాగుంటుంది, కానీ పాతబస్తీ పేర్లు ఆవిడ చెవిన పడినవి కావు. పైగా ఆవిడకు మొదటి ప్రతి పంపాక స్క్రిప్టు మారింది. అందుకే రికార్డింగుకు ముందు ఆవిడకు ఒక నోట్ రాశాను.

ముందుగా పేర్లు. తెలుగు లిపిలో రాసింది రాసినట్టే పలుకుతామని మనకో ధీమా. ఉర్దూ పేర్ల దగ్గర అది నిలవదు. ‘అఫ్జల్‌గంజ్’నే తీసుకోండి. అందులో రెండు ‘జ’లున్నాయి, రెండూ ఒకటి కావు. మొదటిది హిందీ పాటల్లో వినే ‘జిందగీ’లోని మొదటి అక్షరంలా నాలుక కొసన జుమ్మనాలి. చివరిది ‘జయం’లో జ. ‘ఫ’ని కూడా ‘ఫలం’లో లాగా ఒత్తకూడదు, కింది పెదవి పై పళ్లకు తగలాలి. ఇంజనీరు ‘అలీ నవాజ్ జంగ్’ పేరులోనూ ఇదే చిక్కు. రెండు ‘జ’లు పక్కపక్కనే వస్తాయి కాబట్టి మధ్య చిన్న ఎడం ఇవ్వకపోతే కలిసి ముద్దయిపోతాయి. ‘చాదర్‌ఘాట్’లో చ ‘చాప’లోది కాదు, ‘చింత’లోది. ఇవన్నీ కాగితం మీద రాసినా సగమే పని. పాతబస్తీలో పుట్టి పెరిగిన మిత్రుడి చేత ప్రతి పేరునూ ఒకసారి విడిగా, ఒకసారి వాక్యంలో పలికించి ఆ ఆడియో జత చేశాను. విడిగా సరిగ్గా పలికిన పేరు కూడా వాక్యం వేగంలో పాత అలవాటుకు జారిపోతుంది. సంవత్సరాలను అంకెల్లో వదలకుండా ‘పంతొమ్మిది వందల ఎనిమిది’ అని అక్షరాల్లోనే రాశాను.

టోన్ గురించి రాయడం ఇంతకంటే కష్టం. ‘విషాదంగా చదవండి’ అని రాస్తే గొంతు బరువెక్కుతుంది, వాక్యాల చివర్లు జీరబోతాయి, విషయం వెనకబడుతుంది. అందుకే ఎవరికి చెబుతున్నారో రాశాను: ‘పక్కన కూర్చున్న పదేళ్ల పిల్లకు చెబుతున్నట్టు చెప్పండి. ఆ పిల్ల భయపడకూడదు, తేలిగ్గానూ తీసుకోకూడదు.’ స్క్రిప్టులో వరద ఘట్టం ఇది: సెప్టెంబరు 28న మూసీ పొంగింది. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. పురానాపూల్ నిలిచింది. పోయిన మూడు వంతెనల పేర్లనూ జాబితాలా గబగబా చదివేయకుండా, ఒక్కో వంతెనా పోతున్నట్టు ఒక్కో పేరు దగ్గర ఆగమన్నాను. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ వాక్యానికి ముందు ఒక ఊపిరి తీసుకుంటే చాలు, గొంతు మార్చనక్కర్లేదు.

ఇక మార్పులు. పాత ప్రతిలో ‘విశ్వేశ్వరయ్య గండిపేట చెరువు కట్టారు’ అని ఉంది. కొత్త ప్రతిలో ‘వరద తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, ఎగువన జలాశయాలు కట్టాలని సూచించారు. మూసీ మీద గండిపేట చెరువుగా పిలిచే ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి’ అని ఉంది. పైకి చూస్తే చిన్న సవరణ. చదివేవారికి మాత్రం ఊనిక అంతా మారిపోతుంది. పాత వాక్యంలో బరువు మనిషి పేరు మీద, కొత్త దానిలో ‘సూచించారు’ మీద. ఒక్కడే కట్టేశాడన్న భావం పోవాలనే ఈ మార్పు. ఆ కారణం చెప్పకుండా కొత్త వాక్యం మాత్రమే పంపితే ఆవిడ దాన్ని పాత రాగంలోనే చదువుతారు. అక్షరం తప్పు పోదు, అర్థం తప్పుతుంది. అందుకే ప్రతి మార్పు కింద పాత వాక్యం, కొత్త వాక్యం, ఎందుకు మారిందో ఒక్క ముక్క. కారణం రాయని సవరణను పంపకపోవడమే మేలని నా గట్టి నమ్మకం.

పాత ప్రతితో కొంత భాగం ఇదివరకే రికార్డయింది. మారిన మాటను మాత్రమే ప్యాచ్ వేస్తే అతుకు వినిపిస్తుంది. మైకుకు దూరం, ఆ రోజు గొంతు, వాక్యం ఎత్తుకున్న శ్రుతి, ఏదీ కలవదు. కనీసం ముందు ఊపిరి దగ్గర నుంచి, వీలైతే పేరా మొత్తం మళ్లీ చదవమనాలి. పాత రికార్డింగులో మార్పుకు ముందున్న నాలుగు వాక్యాలు కూడా పంపితే ఆవిడ విని అదే శ్రుతిలో ఎత్తుకుంటారు.

స్క్రిప్టు రాసేవారికి ఒక విన్నపం. సవరించిన ప్రతిని పాత పేరుతోనే పంపకండి. ఫైలు పేరులో తేదీ పెట్టండి. పాత ప్రతిని తీసేయమన్న మాటనే మీ నోట్‌లో మొదటి వాక్యంగా రాయండి.