పామ్ డోర్ కింద వరుసలో ఉన్న పేరు

2000 కాన్ ఉత్సవంలో అగ్ర బహుమతి పామ్ డోర్ ‘డాన్సర్ ఇన్ ది డార్క్’కు వెళ్లింది. అదే పోటీలో ఉన్న వాంగ్ కార్‌వై సినిమా ‘ఇన్ ది మూడ్ ఫర్ లవ్’లో టోనీ లియంగ్ ఉత్తమ నటుడయ్యాడు. ఛాయాగ్రాహకులు క్రిస్టఫర్ డాయిల్, మార్క్ లీ పింగ్‌బింగ్‌లకూ, ఎడిటర్ విలియం చాంగ్‌కూ కలిపి సాంకేతిక బహుమతి వచ్చింది. విజేతల జాబితా చూసి సినిమా ఎంచుకునేటప్పుడు నేను ఇలాంటి బహుమతి కోసమే వెతుకుతాను. పామ్ డోర్ సినిమా గొప్పదంటుంది, అంతే. సాంకేతిక బహుమతి పనితనం ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తుంది.

కథ 1962 నాటి హాంకాంగ్‌లో, ఇరుకు అద్దె గదుల్లో. పక్కింటి టోనీ లియంగ్ భార్యకూ, ఈ ఇంటి మాగీ చ్యూంగ్ భర్తకూ సంబంధం. తప్పు చేసిన ఆ ఇద్దరి ముఖాలూ మనకు చూపించరు. వీపు కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది. కెమెరా గుమ్మాల చాటునుంచి, అద్దాల్లోంచి, పొరుగువాళ్లు ఓరగా చూసినట్టే చూస్తుంది. ఒకచోట మాగీ చ్యూంగ్ ఎదుట మగవాడి వీపు కనిపిస్తుంది. నీకు ఇంకో ఆడది ఉందా అని ఆమె నిలదీస్తుంది, అతను ఒప్పుకుంటాడు. భర్తే అనుకుంటాం. తీరా చూస్తే అతను టోనీ లియంగ్, జరుగుతున్నది భర్తను నిలదీయడానికి రిహార్సల్! ఏ క్షణంలో ముఖం చూపాలో తెలిసిన ఎడిటింగ్ అది. నూడుల్స్ కొనడానికి ఆమె క్యారియర్ పట్టుకుని మెట్లు దిగే దృశ్యాలూ అంతే. అదే వయొలిన్ బాణీ, అదే మందగతి. చోంగ్‌సామ్ మారితేనే రోజు మారిందని తెలుస్తుంది. ఆ దుస్తులు సిద్ధం చేసిందీ చాంగే.

ఈ సినిమాను హాంకాంగ్ ఆస్కార్‌కు పంపింది. నామినేషన్ కూడా రాలేదు. ఆ జాబితానే నమ్ముకున్నవాళ్లకు ఇది దొరకదు. కొన్ని సినిమాలు అసలు అక్కడిదాకానే వెళ్లవు. అంతర్జాతీయ చిత్రాల విభాగానికి ఒక్కో దేశం ఒక్క సినిమానే పంపగలదు. 2024లో కాన్‌లో గ్రాండ్ ప్రి గెలిచిన ‘ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్’ను కాదని మన దేశం ‘లాపతా లేడీస్’ను పంపింది. ‘ఆర్ఆర్ఆర్’నూ ఆ విభాగానికి పంపలేదు. పాటల విభాగం వేరు కాబట్టే ‘నాటు నాటు’ గెలవగలిగింది. జాబితాలో లేకపోవడం చాలాసార్లు పంపేవాళ్ల ఎంపికే.

ఆస్కార్‌లోనే నేను ఎక్కువ నమ్మేది ఛాయాగ్రహణం, ఎడిటింగ్ నామినేషన్లను. వాటిని ఆయా పనివాళ్లే ఎంపిక చేస్తారు. విజేతను తేల్చేటప్పుడు మాత్రం అకాడమీ సభ్యులంతా ఓటేస్తారు, అక్కడ సినిమాకున్న పేరూ పనిచేస్తుంది.

ఒక్క విషయం ఏ బహుమతీ చెప్పదు: సినిమా నడక మీకు సరిపడుతుందో లేదో. కథ పరుగెత్తాలనుకునేవారికి ‘ఇన్ ది మూడ్ ఫర్ లవ్’ విసుగే. మొదటి అరగంట చూడండి. ఆ ఇరుకు గదులు మిమ్మల్ని లోపలికి లాగకపోతే మొహమాటం లేకుండా ఆపేయండి.